కలిసిన లెక్కలో కనపడని తప్పులు

ఏడాది ఆఖరున దుకాణం యజమాని తన అకౌంటెంటును ముందుగా అడిగేది "ట్రయల్ బ్యాలెన్స్ కలిసిందా?" అనే. కలిసిందన్న మాట వినగానే ఇక లెక్కలన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకుంటాడు. అది తొందరపాటు. ట్రయల్ బ్యాలెన్స్ ఒకే ఒక్క సంగతిని రుజువు చేస్తుంది. యజమానికి నిజంగా కావలసిన జవాబులు, అంటే ఎంత లాభం వచ్చింది, ఎవరికి ఎంత బాకీ ఉన్నాం అన్నవి, దాని చేతిలో లేవు.

ఇంటర్, డిగ్రీ పుస్తకాల్లో అంకణా అని పిలిచే ఈ పట్టిక తయారీ కష్టమేమీ కాదు. జంటపద్దు విధానంలో ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాస్తాం. అద్దె పన్నెండు వేలు కడితే అద్దె ఖాతాలో డెబిట్, నగదు ఖాతాలో క్రెడిట్. ఇలా ఏడాదంతా రాసిన తర్వాత ఒక్కో ఖాతాలో మిగిలిన నిల్వను తీసి, డెబిట్ నిల్వలన్నీ ఒక వరుసలో, క్రెడిట్ నిల్వలన్నీ మరో వరుసలో వేసి కూడతాం. ప్రతి పద్దూ రెండు వైపులా సమానంగా పడింది కాబట్టి రెండు మొత్తాలూ ఒకటే కావాలి.

ఒక చిన్న హార్డ్‌వేర్ దుకాణాన్ని ఊహించుకుందాం. తేలికగా ఉండడానికి జీఎస్టీని, ఫర్నిచర్ తరుగుదలను పక్కన పెడుతున్నాను. మార్చి 31న డెబిట్ వైపు నిల్వలు ఇలా ఉన్నాయి: నగదు 38,000, బ్యాంకు 1,62,000, ఖాతాదారుల నుంచి రావలసింది 2,40,000, ఏడాది మొదట ఉన్న సరుకు 3,50,000, కొనుగోళ్లు 18,60,000, అద్దె 1,20,000, జీతాలు 1,80,000, మరమ్మతులు 95,000, ఫర్నిచర్ 1,05,000. క్రెడిట్ వైపు మూడే ఉన్నాయి: యజమాని పెట్టుబడి 5,50,000, అమ్మకాలు 23,90,000, సప్లయర్లకు ఇవ్వవలసింది 2,10,000. కూడి చూడండి, రెండు వైపులా 31,50,000 వస్తుంది. లెక్క కలిసింది.

దీనివల్ల రుజువైంది, పుస్తకాల్లోకి ఎక్కిన ప్రతి రూపాయీ డెబిట్‌లో ఎంత పడిందో క్రెడిట్‌లోనూ మొత్తమ్మీద అంతే పడిందని, కూడికలు కుదిరాయని. చేత్తో లెడ్జరు రాసే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఒక వైపు రాసి రెండో వైపు మరిచిపోవడం, ఒక పేజీ మొత్తాన్ని తర్వాతి పేజీకి తప్పుగా ఎక్కించడం, డెబిట్ చేయవలసింది క్రెడిట్ చేయడం మామూలుగా జరిగేవి. తేడా ఎంత వచ్చిందన్నది చూసి పాత గుమాస్తాలు తప్పు జాడ తీసేవారు. పన్నెండు వేల అద్దెను పొరపాటున క్రెడిట్ వైపు రాస్తే తేడా ఇరవై నాలుగు వేలు వస్తుంది, అందుకే తేడాలో సగం ఉన్న పద్దు కోసం ముందు వెతికేవారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో అని అనుమానించేవారు. 5,460 బదులు 4,560 రాస్తే తేడా 900. ఎంతకీ దొరక్కపోతే ఆ తేడాను తాత్కాలికంగా అనామతు ఖాతాలో పెట్టి, తర్వాత తీరిగ్గా వెతికేవారు.

ఆ 5,460 దగ్గరే కొంచెం ఆగుదాం. లెడ్జరులో ఒక వైపు మాత్రమే 4,560 అని పడితే ట్రయల్ బ్యాలెన్స్ పట్టేస్తుంది. బిల్లు చదివేటప్పుడే గుమాస్తా 4,560 అనుకున్నాడనుకోండి. అప్పుడు చిట్టాలో అదే అంకె, కొనుగోళ్ల ఖాతాలో అదే అంకె, సప్లయరు ఖాతాలోనూ అదే అంకె. రెండు వైపులూ సమానంగా తప్పాయి కాబట్టి తేడా సున్నా. పొరపాటు ఒకటే. పుస్తకం లోపల జరిగితే దొరుకుతుంది, పుస్తకంలోకి వచ్చే గుమ్మం దగ్గర జరిగితే దొరకదు. ట్రయల్ బ్యాలెన్స్ చూపు పుస్తకం దాటి బయటికి పోదు. బిల్లు మీద అసలు ఏముందో, గోదాములో ఎంత సరుకుందో, బ్యాంకులో ఎంత డబ్బుందో దానికి తెలిసే దారి లేదు.

ఇప్పుడు మన హార్డ్‌వేర్ దుకాణం లెక్కల్లోకి మళ్లీ వెళ్దాం. కలిసిన ఆ 31,50,000లో రెండు పెద్ద తప్పులు దాగి ఉన్నాయి.

మొదటిది: మార్చి 28న 46,300 రూపాయల పెయింట్లు అరువు మీద వచ్చాయి. సరుకు అరల్లోకి చేరింది, బిల్లు మాత్రం యజమాని టేబుల్ సొరుగులో ఉండిపోయింది. పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు. కొనుగోళ్లలో లేదు కాబట్టి డెబిట్ అంత తగ్గింది, సప్లయరు ఖాతాలో లేదు కాబట్టి క్రెడిట్ కూడా అంతే తగ్గింది. అసలు రాయని పద్దు గురించి ట్రయల్ బ్యాలెన్స్ ఏం చెప్పగలదు? కాని మార్చి 31న సరుకు లెక్కపెట్టినప్పుడు ఆ పెయింట్ డబ్బాలనూ లెక్కపెట్టారు. మిగిలిన సరుకు విలువ 4,20,000లో అవీ ఉన్నాయి. సరుకు చేరింది, దాని ఖరీదు చేరలేదు. లాభం ఊరికే 46,300 పెరిగి కనిపిస్తుంది.

రెండోది ఇంకా మెత్తగా ఉంటుంది. ఏడాది మొదట్లో 80,000 పెట్టి జనరేటరు కొన్నారు. గుమాస్తా దాన్ని మరమ్మతుల ఖాతాలో వేశాడు. రాయడం రాశాడు, సరైన మొత్తమే రాశాడు, సరైన వైపే రాశాడు. కాని జనరేటరు ఆ ఏడాదితో అయిపోయే ఖర్చు కాదు, ఏళ్ల తరబడి పనిచేసే ఆస్తి. దాని ఖరీదులో ఒక్కో ఏడాదికి తరుగుదల మేరకే ఖర్చు కింద రాయాలి. 15 శాతం లెక్కన ఈ ఏడాది రాయవలసింది 12,000 మాత్రమే. పూర్తిగా 80,000 ఖర్చు రాసినందువల్ల లాభం 68,000 తగ్గింది, ఆస్తుల్లో జనరేటరు అసలు కనపడకుండా పోయింది. ఇలాంటి వాటిని సూత్రపు తప్పులంటారు. మరమ్మతులూ జనరేటరూ రెండూ డెబిట్ ఖాతాలే, కాబట్టి మొత్తంలో ఒక్క రూపాయి కూడా కదలదు. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఇదే. రాసినవాడు తిరిగి చూసుకున్నా అతనికి తప్పుగా అనిపించదు.

పుస్తకాల ప్రకారం లాభం ఎంతో వేద్దాం. అమ్మకాలకు మిగిలిన సరుకు కలిపి, అందులోంచి మొదటి సరుకూ కొనుగోళ్లూ తీసేస్తే 6,00,000. అద్దె, జీతాలు, మరమ్మతులు కలిపి 3,95,000 పోతే మిగిలేది 2,05,000. తప్పులు దిద్దితే? సొరుగులోని బిల్లుకు 46,300 తగ్గించాలి, జనరేటరుకు 68,000 కలపాలి. అసలు లాభం 2,26,700. ఒక తప్పు లాభాన్ని పెంచింది, మరొకటి తగ్గించింది. రెండూ కలిసి చివరికి కనిపించే తేడాను చిన్నది చేశాయి. దిద్దిన తర్వాత ట్రయల్ బ్యాలెన్స్ 31,96,300 దగ్గర కలుస్తుంది. తప్పుడు లెక్కా కలిసింది, సరైన లెక్కా కలిసింది.

ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారుల్లో ఒకరు కట్టిన డబ్బును మరొకరి ఖాతాలో వేసినా అంతే, మొత్తాలు కదలవు. కట్టినవాడికి మళ్లీ బాకీ నోటీసు వెళ్లినప్పుడు గాని సంగతి బయటపడదు. చేతి లెక్కల్లో అమ్మకాల కూడిక వెయ్యి ఎక్కువై, అద్దె కూడికా వెయ్యి ఎక్కువైతే రెండు తప్పులూ ఒకదాన్నొకటి మింగేస్తాయి.

ఈ పరిమితి ఈనాడు కనిపెట్టినది కాదు. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ అనే సన్యాసి, అక్కడి వర్తకుల జంటపద్దు పద్ధతిని వివరించాడు. రెండు వైపుల మొత్తాలనూ పోల్చి చూడాలని చెప్పాడు. అంతకన్నా ముందు చేయవలసిన పని మరొకటి కూడా చెప్పాడు. ఒక సహాయకుణ్ని పిలిచి చిట్టా అతనికిచ్చి, లెడ్జరు మీరు పట్టుకోండి. అతను ఒక్కో పద్దు చదువుతుంటే లెడ్జరులో వెతికి, సరిపోయిన చోటల్లా చుక్క పెట్టండి. చుక్క పడని పద్దు మిగిలితే అక్కడ అనుమానం ఉన్నట్టు. మొత్తాలు కలవడం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు.

ఇప్పుడు దాదాపు అందరి లెక్కలూ ట్యాలీ లాంటి సాఫ్ట్‌వేర్‌లోనే. డెబిట్, క్రెడిట్ సమానం కాని వోచరును అది తీసుకోదు. ప్రారంభ నిల్వలు తప్పుగా ఎక్కిస్తే మాత్రం `Difference in opening balances` అని చూపిస్తుంది. అంటే ట్రయల్ బ్యాలెన్స్ పట్టుకోగలిగిన తప్పులను కంప్యూటరు ముందే ఆపేస్తోంది. మిగిలినవన్నీ అది పట్టుకోలేనివే. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో లెక్క కలిసిందన్న మాటకు పాత లెడ్జరు రోజుల్లో ఉన్నంత బరువు కూడా ఇప్పుడు లేదు.

పొరపాటు బదులు మోసం ఉంటే ఏమవుతుందో హైదరాబాదు చూసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివేనని ఒప్పుకున్నారు. జరగని అమ్మకానికి ఇన్వాయిస్ రాస్తే కస్టమర్ ఖాతాకు డెబిట్, అమ్మకాలకు క్రెడిట్. ఆ డబ్బు వచ్చినట్టు రాస్తే బ్యాంకు ఖాతాకు డెబిట్, కస్టమర్‌కు క్రెడిట్. కల్పిత పద్దయినా రెండు కాళ్ల మీద నిలబడుతుంది, ట్రయల్ బ్యాలెన్స్ కలుస్తుంది. ఆ డబ్బు ఉందో లేదో చెప్పగలిగింది బ్యాంకు ఒక్కటే. బ్యాంకుల నుంచి నేరుగా నిల్వల ధ్రువీకరణ తెప్పించుకోకుండా, కంపెనీ ఇచ్చిన కాగితాలనే ఆడిటర్లు నమ్మారని 2011లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తప్పుపట్టింది.

చిన్న దుకాణానికీ దారి అదే, పుస్తకాన్ని పుస్తకం బయటి కాగితంతో పోల్చాలి. బ్యాంకు ఖాతాను స్టేట్‌మెంటుతో నెలనెలా వరుసబెట్టి పోల్చాలి. సప్లయర్ల దగ్గర నుంచి వాళ్ల పుస్తకంలో మన ఖాతా నకలు తెప్పించుకోవాలి. జీఎస్టీ ఉన్నవారికి GSTR-2B మంచి సాధనం. మన సప్లయర్లు తమ రిటర్నుల్లో చూపిన బిల్లులు అందులో కనిపిస్తాయి, కాబట్టి సొరుగులో మరిచిపోయిన 46,300 బిల్లు అక్కడ బయటపడుతుంది. జనరేటరు లాంటిది దొరకాలంటే మరమ్మతుల ఖాతాను నెలల వారీగా పరచి చూడాలి. నెలకు వెయ్యీ పన్నెండు వందలూ ఉన్నచోట ఒక నెల ఎనభై వేలు పైబడితే ఆ వోచరు తీసి చదవాలి.

వీటన్నిటికీ దొరకనిది ఒకటుంది: బిల్లు లేకుండా నగదుకు అమ్మి, పుస్తకంలో రాయని సరుకు. దానికి బయట కూడా కాగితం ఉండదు. అమ్మకాల మీద ఏటా పాతిక శాతం స్థూల లాభం చూపే దుకాణం కారణం లేకుండా ఇరవైకి పడిపోయినప్పుడో, లెక్కపెట్టిన సరుకు పుస్తకం చెప్పేదానికన్నా తక్కువ తేలినప్పుడో మాత్రమే దాని మీద అనుమానం వస్తుంది. అప్పుడైనా సరుకు పోయిందని తెలుస్తుంది గాని, దాన్ని అమ్మారో, దొంగిలించారో, పాడై పారేశారో పుస్తకాల్లో దొరకదు.