నంబర్ ప్లేట్ ఎడమవైపు నీలి పట్టీ.. దాని అర్థం ఏంటి?

జర్మనీలోనో, ఫ్రాన్స్‌లోనో ఉంటున్న మన పిల్లలు పంపే ఫొటోల్లో కార్లను గమనించారా? నంబర్ ప్లేట్ ఎడమ అంచున నిలువుగా ఒక నీలి పట్టీ, అందులో గుండ్రంగా 12 పసుపు నక్షత్రాలు, కింద ఒకటి నుంచి మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నక్షత్రాలు యూరోపియన్ యూనియన్ గుర్తు. అక్షరాలు ఆ బండి ఏ దేశంలో రిజిస్టర్ అయిందో చెబుతాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పట్టీలో 'డి' ఉంటే డెన్మార్క్ కాదు, జర్మనీ. జర్మన్లు తమ దేశాన్ని డాయిష్‌లాండ్ అంటారు కదా, దాని మొదటి అక్షరం అది. డెన్మార్క్‌కు 'డీకే'. 'ఈ' అంటే ఇంగ్లండ్ కాదు, స్పెయిన్. వాళ్ల భాషలో ఎస్పాన్యా. 'ఏ' ఆస్ట్రియాది. అలాగే ఈ అక్షరం కారు ఎక్కడ తయారైందో చెప్పదు, నడిపేవాళ్లు ఏ దేశస్థులో కూడా చెప్పదు. జర్మన్ కంపెనీ కారైనా ఇటలీలో రిజిస్టర్ అయితే 'ఐ' అనే ఉంటుంది.

మరి దీని ఉపయోగం ఏంటి? పూర్వం సరిహద్దు దాటాలంటే బండి వెనక దేశం అక్షరాలున్న కోడిగుడ్డు ఆకారపు స్టిక్కర్ అంటించుకోవాల్సి వచ్చేది. ఈ పట్టీ ఉంటే యూనియన్‌లోని మిగతా దేశాల్లో ఆ స్టిక్కర్ అక్కర్లేదని 1998లో నిబంధన తెచ్చారు.

బ్రిటన్‌లో ఉండే మనవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఆ దేశం యూనియన్ నుంచి బయటికొచ్చేసింది. 2021 సెప్టెంబర్ 28 నుంచి దాని గుర్తు 'జీబీ' కాదు, 'యూకే'. ఉదాహరణకు, లండన్‌లో ఉండే ఒక కుటుంబం సొంత కారులో ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్ వెళ్తోంది అనుకుందాం. పాత ప్లేట్ మీద నక్షత్రాలు, 'జీబీ' ఉన్నాయి. పట్టీ ఉంది కదా అనుకుంటే కుదరదు. కారు వెనక బాగా కనబడేలా 'యూకే' స్టిక్కర్ పెట్టాలి. పాత 'జీబీ' స్టిక్కర్ ఉంటే తీసేయాలి, లేదా కప్పేయాలి. ప్లేట్ మీదే 'యూకే' అని ఉంటే ఫ్రాన్స్‌లో స్టిక్కర్ అవసరం లేదు. కానీ స్పెయిన్, సైప్రస్, మాల్టాల్లో ప్లేట్ మీద ఏమున్నా స్టిక్కర్ తప్పనిసరి. ఐర్లాండ్‌కు మాత్రం అక్కర్లేదు.

నీలి పట్టీ కనబడితే యూనియన్ బండే అనుకోవడానికీ లేదు. టర్కీ ప్లేట్ల మీదా 'టీఆర్' అని నీలి పట్టీ ఉంటుంది, నక్షత్రాలు ఉండవు. అందుకే ముందు నక్షత్రాలు చూడండి, తర్వాత అక్షరాలు.

మన హై సెక్యూరిటీ ప్లేట్ల మీద ఎడమవైపు నీలి రంగులో కనిపించే 'ఐఎన్‌డీ' కూడా ఇలాంటి దేశపు గుర్తే. పట్టీ లేదు, అంతే తేడా.