నైట్ డ్యూటీ వాళ్లకి ఏ పార్ట్‌టైం సరిపడుతుంది?

హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నాడనుకుందాం. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ ఎక్కితే పొద్దున ఏడింటికి దిగుతాడు. వరసగా నాలుగు నైట్లు, రెండు రోజులు ఆఫ్, ఆ తర్వాత రోస్టర్ ఎటు తిరుగుతుందో ముందు వారం దాకా తెలీదు. జీతం చాలడం లేదు. పగలంతా ఖాళీయే కదా అని డెలివరీ యాప్ ఒకటి, బైక్ ట్యాక్సీ యాప్ ఒకటి ఫోన్లో వేసుకుంటాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగిన్ కావచ్చు.

లాగిన్ అతని చేతిలోనే ఉంది, ఆర్డర్లు మాత్రం ఊరి జనం చేతిలో ఉన్నాయి. భోజనం ఆర్డర్లు ఎక్కువగా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, మళ్లీ రాత్రి ఏడు దాటాక వస్తాయి. బైక్ ట్యాక్సీకి ఆఫీసుల వేళలే గిరాకీ. ఇన్సెంటివ్‌లు కూడా చాలావరకు ఆ గంటలకే ముడిపడి ఉంటాయి. మన టెక్నీషియన్‌కి మధ్యాహ్నం గిరాకీ నిద్రవేళలో పడుతుంది, రాత్రి గిరాకీ డ్యూటీకి బయల్దేరే వేళలో. ఇక మిగిలేది డ్యూటీ దిగిన వెంటనే, పొద్దున ఏడున్నర నుంచి పదకొండు దాకా. డబ్బు లెక్కలో చూస్తే మంచి సమయమే.

ప్రాణం లెక్కలో మాత్రం అన్నింటికంటే చెడ్డది. ముందురోజు మధ్యాహ్నం రెండింటికి లేచిన మనిషి పొద్దున ఎనిమిదికల్లా పద్దెనిమిది గంటలుగా మేలుకుని ఉంటాడు. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు పదిహేడు గంటలు మేలుకున్నవారి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటితేనే తాగి నడిపినట్టు లెక్కగడుతుంది. దాటొచ్చిన సిగ్నల్ గుర్తు లేకపోవడం, తిరగాల్సిన మలుపు వదిలేసి ముందుకెళ్లిపోవడం, తల ఒక్కసారి ముందుకి తూలడం కనిపిస్తే అప్పటికే క్షణాలపాటు నిద్రలోకి జారుతున్నట్టే. టీ తాగి మళ్లీ బండెక్కితే ఆ నిద్ర తీరదు. పైగా సొంత అవసరాలకని తీసుకున్న బీమాతో అద్దెకి బండి తిప్పుతూ ప్రమాదంలో పడితే క్లెయిము దగ్గర పేచీ వచ్చే వీలుంది.

కాబట్టి ముందు నిద్రకి చోటు ఖాయం చేసుకోవాలి, పని దాని చుట్టూ వెతుక్కోవాలి. మాంచెస్టర్‌లో మైనర్స్, వాటర్‌హౌస్ 1980ల మొదట్లో చేసిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. మొత్తం నిద్ర రోజూ ఒకే వేళకి కుదరకపోయినా, అందులో నాలుగు గంటలు మాత్రం ఒకే వేళలో పడితే ఒంటి గడియారం అంతగా చెదరదని వాళ్లు చూశారు. మన టెక్నీషియన్‌కి ఆ నాలుగు గంటలు పొద్దున ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర. నైట్ రోజున ఆ తర్వాత ఇంకో గంటన్నర, రెండు గంటలు పడుకుంటాడు. ఆఫ్ రోజున తెల్లవారుజామున నాలుగింటికి పడుకున్నా ఆ నాలుగు గంటలూ అందులో కలిసిపోతాయి. ఇక డ్యూటీ రోజున చేతికి మిగిలేది మధ్యాహ్నం మూడున్నర నుంచి ఏడు లోపల ఓ రెండు మూడు గంటలు. ట్యూషన్ చెబుదామంటే రోస్టర్ మారిన వారం పిల్లలు వేరే మాస్టారిని చూసుకుంటారు.

గడియారంతో కాకుండా గడువుతో నడిచే పనే ఇతనికి దారి. ఆడియో విని తెలుగులో రాసిపెట్టడం, వీడియోలకి సబ్‌టైటిల్స్ వేయడం అలాంటివే. శుక్రవారం సాయంత్రానికి ఇవ్వాలంటే బుధవారం రెండు గంటలు, ఆఫ్ రోజున నాలుగు గంటలు కూర్చోవచ్చు. అయితే రేటు దగ్గర జాగ్రత్త. గంటకి నాలుగు వందలు అంటే పని గంటకి కాదు, ఆడియో గంటకి. గంట ఆడియో రాయడానికి అలవాటైన చేతికి కూడా నాలుగైదు గంటలు పడుతుంది, మాటలు కలగాపులగంగా ఉంటే ఆరు దాటుతుంది. అయిదు గంటలనుకుంటే గంటకి ఎనభై రూపాయలు. డెలివరీలో మూడు గంటలకి మూడు వందలు వచ్చి, నలభై కిలోమీటర్ల పెట్రోలుకీ బండి అరుగుదలకీ నూట ముప్ఫై పోతే, గంటకి యాభై ఏడు. తేడా కొద్దిగానే కనిపిస్తుంది కానీ, ఇందులో నిద్రకళ్లతో రోడ్డెక్కే పని లేదు. మొదటి ఆడియో ఒప్పుకునే ముందు అందులో పది నిమిషాలు రాసి, ఎంతసేపు పట్టిందో చూసుకుంటే నిజమైన రేటు తేలిపోతుంది. నైట్ ముగిసిన పొద్దున మాత్రం ఈ పని కూడా ముట్టుకోకూడదు. తప్పులు దిద్దడానికి రాసినంత సేపూ పడుతుంది.

ఇంట్లో కూర్చుని చేసే పనులు వెతికేవారి కోసమే కాచుకుని ఉన్న మోసం ఒకటుంది. టైపింగ్ పని పేరుతో ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటారు, చదవడానికే రాని పేజీలిచ్చి తొంభై తొమ్మిది శాతం సరిగ్గా రావాలంటారు. గడువు అయ్యాక తప్పులున్నాయని, వేలల్లో జరిమానా కట్టకపోతే కేసు వేస్తామని లాయరు పేరుతో నోటీసు పంపిస్తారు. అలాంటి నోటీసు చూసి డబ్బు కట్టకూడదు. 1930 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. పని ఇచ్చేవాళ్లు రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అక్కడితో ఆగిపోవాలి.

ఇవన్నీ చూసుకునే ముందు ఆసుపత్రి ఇచ్చిన నియామక పత్రం తీసి ఒకసారి చదవాలి. బయట ఇంకో పని చేయకూడదన్న షరతు చాలా పత్రాల్లో ఉంటుంది. ఉంటే ముందుగా రాతపూర్వకంగా అనుమతి అడగడం ఒక్కటే సరైన దారి.