‘తీసేస్తరట’ అంటున్నరు, కాయితం ఏడుంది?

మా జుక్కల్ దిక్కు ఉపాధి పనుల కాడికి వోతే కూలోళ్ల కన్నా ముందుగాల ఫీల్డ్ అసిస్టెంటే అడుగుతడు: ‘అన్నా, మమ్ముల తీసేస్తరట గదా, నిజమేనా?’ 2025 డిసెంబర్‌ల పార్లమెంటు ఉపాధి హామీ జాగల కొత్త చట్టం పాస్ జేసినంక ఈ మాట ఇంక జోరందుకున్నది. ఆ చట్టంల వంద రోజులను 125 జేసిండ్రు. మన అసొంటి రాష్ట్రాలు కూలి ఖర్చుల 40 పాళ్లు పెట్టుకోవాలె అన్నరు. నాట్లు, కోతల కాలంల 60 రోజుల దాక పని ఆపొచ్చన్నరు. రాష్ట్రం మీద బరువు వడ్తే ముందుగాల ఎవరిని తగ్గిస్తరోనని చిన్న ఉద్యోగికి గుబులు వుట్టుడు సహజమే. ఉత్తగనే భయపడుతున్నడని నేననను. ఒకసారి కాలిన చెయ్యి అది.

ఎట్ల కాలిందో తెల్వని పిల్లల కోసం చెప్త. 2020ల తెలంగాణ ప్రభుత్వం 4779 నంబర్ సర్క్యులర్ తెచ్చింది. ఊర్ల ఎన్ని పనిదినాలు అయినయో ఆ లెక్కకు ఫీల్డ్ అసిస్టెంట్ జీతాన్ని, కొనసాగింపును ముడివెట్టిండ్రు. దాన్ని రద్దు జేయాలని మార్చిల సమ్మెకు దిగిండ్రు. సర్కారు ఏడున్నర వేల మందికి పైగా పక్కకు వెట్టి, ఆ పనిని పంచాయతీ కార్యదర్శుల నెత్తిన వెట్టింది. అదే ఎండకాలం లాక్‌డౌన్‌ల పట్నాలకెల్లి జనం ఊర్లకు మళ్లిండ్రు, పని అడిగెటోళ్లు పెరిగిండ్రు. 2022 మార్చిల అసెంబ్లీల అప్పటి ముఖ్యమంత్రి మళ్ల తీసుకుంటమని ప్రకటిస్తే, ఆగస్టుల గాని డ్యూటీల చేరలే. రెండేండ్ల మీద అయిదు నెలలు.

ఈ కథల ఒక సంగతి చూడాలె. సర్క్యులర్‌ల ఉన్నది పనిదినాల షరతు. మందిని మొత్తానికి పక్కకు వెట్టింది సమ్మె అయినంక. ఇప్పుడు ఊర్ల అడిగితే ‘సర్క్యులర్ ఇచ్చి తీసేసిండ్రు’ అని రెంటినీ కలిపి చెప్తరు. పుకారు గిట్లనే తయారయితది. నిజమైన ముక్కలు రెండు మూడు ఉంటయి, వాటి నడుమ కుట్టు మాత్రం ఎవరో వేసింది.

గందుకే వాట్సప్‌ల ఏదన్న కాయితం వస్తే నాలుగు చూడాలె. పైన శాఖ పేరు, నంబర్, తారీఖు ఉన్నయా? కింద సంతకం ఎవరిది, ఎవరికి రాసిండ్రు? ఎవరికి వర్తిస్తది, ఎప్పటి నుంచి? అన్నిటికన్న ముఖ్యం, అది ఆర్డరా, లేకుంటే వివరాలు పంపుమని అడిగిన ఉత్తరమా? ‘మీ మండలంల ఎంత మంది పని జేస్తున్నరో పంపుండ్రి’ అన్న మామూలు ఉత్తరం సాయంత్రానికి ‘లిస్టు తయారు జేస్తున్నరు’ అయితది. పైన కింద కత్తిరించి నడుమ ముక్క ఒక్కటే ఫొటో వెడితే దాన్ని పక్కన వెట్టు. పూర్తి కాయితం దొరికెదాక నువ్వు ఇంకొకలకు పంపకు.

మండలంల ఏపీవోను, ఎంపీడీవోను అడుగుతే ‘మాకేం రాలే’ అంటరు. అది నిజమే కావచ్చు, తప్పించుకునుడు కావచ్చు. అప్పుడు జిల్లా గ్రామీణాభివృద్ధి ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతోని సమాచార హక్కు దరఖాస్తు వెట్టాలె. ‘మమ్ముల తీసేస్తరా?’ అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద ఉన్న కాయితమే ఇస్తరు, ముందు ఏమైతదో చెప్పరు. ‘ఫలాన తారీఖు నుంచి ఇయ్యాల్టి దాక ఫీల్డ్ అసిస్టెంట్ల కొనసాగింపు మీద మీ ఆఫీసుకు అందిన ఉత్తర్వుల నకళ్లు ఇయ్యండి’ అని రాయాలె. 30 రోజులల్ల జవాబియ్యాలె. ‘మా దగ్గర ఏం లేవు’ అని వచ్చినా అది తారీఖుతోని, సంతకంతోని వచ్చిన మాట. చాయ్ హోటల్ ముచ్చట కన్న నయం. ఈ గడ్‌బడ్‌ల ‘నీ పోస్టు నేను నిలవెడ్త, ఇంత ఖర్చయితది’ అనెటోడు గూడ తయారయితడు. వానికి పైస ఇయ్యకుండ్రి.

ఇగ అసలు కష్టం. రేపు ఉంటనో లేదో తెల్వనోడు ఇయ్యాల పని ఎట్ల జెయ్యాలె? భయంల రెండు తీర్ల పని చెడుతది.

మొదటిది, చేతులు పడిపోవుడు. ‘ఎట్లాగు తీసేస్తరు’ అని కూలోళ్ల దరఖాస్తు కంప్యూటర్ల ఎక్కియ్యడు. దరఖాస్తు ఎక్కకపోతే మస్టర్ రాదు, మస్టర్ లేకపోతే పని లేదు. 20 మంది గుంపు లెక్కేద్దాం. 2025-26ల మన దగ్గర కూలి రేటు రోజుకు 307 రూపాయలు. ఆరు రోజులకు మొత్తం 36,840. కొలతను బట్టి తగ్గొచ్చు, ఒప్పుకుంట. అయినా ఒక్క వారం మస్టర్ తప్పుతే ఒక్క గుంపుకు పోయేది గంత. ఆ పైస మళ్ల రాదు.

రెండోది ఇంకా ఖరాబు. లెక్క తక్కువుంటే తీసేస్తరని భయపడి లేనోళ్ల పేర్లు మస్టర్‌ల వేసుడు. 4779 మీద నా కోపం గిదే. పని అడుగుడు కూలోళ్ల చేతుల ఉంటది. మా దిక్కు సోయా, పత్తి జోరుమీద ఉన్నప్పుడు, ఇంత మంది వలస వోయినప్పుడు ఊర్ల పని అడిగెటోళ్లే దొరకరు. అడగని పనికి ఫీల్డ్ అసిస్టెంట్ ఎట్ల జిమ్మెదారు? బెదిరిచ్చి లెక్క అడుగుతే దొంగ లెక్క వుడుతది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనులకు NMMS యాప్‌ల రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి జేసిండ్రు. పాత ఫొటోకు మళ్ల ఫొటో దీసి వెట్టినోళ్లు గూడ ఉన్నరు. సామాజిక తనిఖీల అది దొరుకుతది. పైనోడు లెక్క అడిగిండని ఏడ రాసుండదు, రికవరీ మాత్రం కింది చిన్న ఉద్యోగి పేరు మీద వడ్తది.

నాకు తెలిసిన ఒక ఫీల్డ్ అసిస్టెంట్ తమ్ముడు ఈ నడుమ ఒక పని వెట్టుకున్నడు. వారానికోసారి, మస్టర్ మూసిన దినం, ఒక నోట్‌బుక్‌ల నాలుగు ముచ్చట్లు రాస్తడు. ఎవరెవరు పని అడిగిండ్రు, వాళ్లకు తారీఖు ఏసిన రశీదు ఇచ్చిండా. ఏ మస్టర్ నడుస్తున్నది, ఎంత మంది వచ్చిండ్రు. టెక్నికల్ అసిస్టెంట్ కొలత ఎక్కడ బాకీ ఉన్నది. ఎవరి పైసలు పడలే, ఎందుకు పడలే, బ్యాంకు ఖాతా తప్పా, ఆధార్ కలువలేదా. పేజీ ఫొటో దీసి తన కాడ ఉంచుకుంటడు, గ్రూపుల వెయ్యడు, ఎందుకంటే అండ్ల కూలోళ్ల ఖాతాల సంగతి ఉంటది. తన నియామక ఆర్డర్, ఏటా కొనసాగించిన కాయితం, జీతం పడ్డ బ్యాంకు లెక్క ఇంకో కవర్‌ల వెట్టిండు.

ఈ నోట్‌బుక్ వాని ఉద్యోగం కాపాడుతదా అంటే, చెప్పలేం. 2020ల మంచిగ జేసినోడు, జెయ్యనోడు ఒక్క దెబ్బకే పోయిండ్రు. కాని రేపు వాని జాగల కార్యదర్శి వచ్చినా, ఇంకొకలు వచ్చినా, కొలత కాక పైసలు ఆగిన ముసలవ్వ ఎవరో ఆ పేజీల దొరుకుతది. తనిఖీల ‘గిది నీ హయాంల జరిగింది’ అని ఎవరన్న వేలువెట్టి చూపుతే, వీనికి చూపెట్ట తారీఖు ఉంటది. పని అప్పజెప్పుమంటే ఆ ఆఖరి పేజీకి ఇద్దరి సంతకాలు తీసుకొని ఒక నకలు తన దగ్గర ఉంచుకుంటనన్నడు. జాబ్ కార్డులు మాత్రం అప్పజెప్పేటియి వాని కాడ ఏం లేవు. అవి కూలోళ్ల ఇండ్లల్లనే ఉన్నయి, ఉండాల్సింది గూడ ఆడనే.