ఇరవయ్యా, అరవయ్యా?

తెలుగు సంఖ్యల్లో ఫోన్‌కు సరిపడని జంటలు రెండున్నాయి. ఒకటి ఇరవై, అరవై. రెండోది ఏభై, ఎనభై. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు వీటితో ఏ ఇబ్బందీ ఉండదు. బస్టాండులో నిలబడి, ఒక చెవి మూసుకుని రెండో చెవితో వింటున్నప్పుడే చిక్కు వస్తుంది. ఇరవైకీ అరవైకీ తేడా మొదటి అక్షరం ఒక్కటే. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు సెల్‌ఫోన్‌లో తరచుగా తెగిపోయేది మాట మొదలే. ‘ఇ’ పోయినా ‘అ’ పోయినా మిగిలేది ‘రవై’. విన్నవాళ్ల మనసు తనకు తోచిన అక్షరాన్ని దానికి తగిలించుకుంటుంది. అలా తగిలించుకున్న సంగతి వాళ్లకే తెలియదు. అందుకే ఈ తప్పు జరిగినప్పుడు రాసుకున్నవాళ్లకు అనుమానం కూడా రాదు.

ఇంగ్లిష్ అంకెలు వాడితే ఈ బెడద తప్పుతుందా అంటే, దాని చిక్కులు దానికున్నాయి. ‘ఫైవ్’, ‘నైన్’ రెండింట్లోనూ గట్టిగా వినిపించేది మధ్యలోని ‘ఐ’ శబ్దమే. రెంటినీ వేరుచేసే హల్లులు బలహీనమైనవి. పాతకాలపు టెలిఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్నే మోసుకెళ్లేది. ‘ఫ’, ‘స’ లాంటి ధ్వనుల్లో చాలా భాగం అంతకు పైన ఉంటుంది కాబట్టి అవి దారిలోనే రాలిపోయేవి. ఇప్పటి 4జీ కాల్స్‌లో ఆ పరిధి దాదాపు 7,000 హెర్ట్జ్ దాకా పెరిగింది. కానీ ఆ సదుపాయం రెండు వైపులా ఉంటేనే పనికొస్తుంది. సిగ్నల్ బలహీనపడినా, పక్కన డీజిల్ ఇంజిన్ మోగుతున్నా మళ్లీ మొదటికొస్తాం. విమానాల రేడియోలో ఈ ఇబ్బంది ఎప్పటి నుంచో తెలుసు. అందుకే పైలట్లు 9ని ‘నైనర్’ అనీ, 5ని ‘ఫైఫ్’ అనీ, 3ని ‘ట్రీ’ అనీ పలకాలని అంతర్జాతీయ నియమం ఉంది.

మనవాళ్లు ఫోన్‌లో నంబరు చెప్పే పద్ధతులు మూడు. అంకె తర్వాత అంకె చెప్పడం, రెండేసి కలిపి ‘తొంభై ఎనిమిది, నలభై రెండు’ అనడం, ఒకే అంకె పక్కపక్కన వస్తే ‘డబుల్’, ‘ట్రిపుల్’ అనడం. చాలామంది మూడింటినీ ఒకే నంబరులో కలిపేస్తారు. అలా కలపడం నేరమేమీ కాదు, అయితే ఏది ఎక్కడ విరుగుతుందో తెలిసి ఉండాలి.

రెండేసి కలిపి చెప్పడంలో పెద్ద సుఖం ఉంది. పది అంకెలు అయిదు ముక్కలవుతాయి, రాసుకునేవాళ్లకు గుర్తుంచుకునే బరువు తగ్గుతుంది. తెలుగులో పదుల స్థానం ముందు, ఒకట్ల స్థానం తర్వాత వస్తుంది కాబట్టి వినే వరుసా రాసే వరుసా ఒకటే. హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్లతో అలా కుదరదు. హైదరాబాద్‌లో ఎవరైనా ‘ఉన్‌సఠ్’ అంటే తెలుగు చెవికి అరవైని సూచించే ‘సాఠ్’ వినబడుతుంది, కలం 6 దగ్గర మొదలవుతుంది. నిజానికి అది 59. అలాగే ‘ఉన్‌హత్తర్’ అంటే 69. అలాంటి చోట అంకె అంకె విడిగా చెప్పమని అడగడమే మేలు.

తెలుగు జంటలకు ఉన్న బలహీనత మధ్యలో వచ్చే ఆగుడు. ‘నలభై’ అని ఊపిరి తీసుకుని ‘ఎనిమిది’ అంటే అవతల రాసుకునేది 48 కావచ్చు, 408 కూడా కావచ్చు. నెట్‌వర్క్ ఆడించే ఆగుడుకూ మనిషి ఆగుడుకూ తేడా కనిపెట్టడం కష్టం.

‘డబుల్’ సంగతి వేరు. అసలు సమాచారమంతా ముందు వచ్చే ఆ ఒక్క మాటలోనే ఉంది. అది తెగిపోతే ‘డబుల్ సెవెన్’ కాస్తా ‘సెవెన్’ అవుతుంది, నంబరులో ఒక అంకె తగ్గుతుంది. తెలుగులో చెప్పినా ప్రమాదం ఉంది. ‘రెండు నాలుగులు’ అంటే 44, ‘రెండు నాలుగు’ అంటే 24. ఆ చివరి ‘లు’ రొదలో కలిసిపోతే ఇక అంతే. పైగా ఇక్కడ అంకెల లెక్క సరిపోతుంది కాబట్టి తప్పు బయటపడే దారి కూడా ఉండదు. అందుకని ‘నాలుగు నాలుగు’ అని చెప్పి, ఆ తర్వాత కావాలంటే ‘డబుల్ ఫోర్’ అనడం మంచిది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి ఆఫీసులకు ఫోన్ చేసినప్పుడు ‘డబుల్’ను పూర్తిగా పక్కన పెట్టొచ్చు. అక్కడివాళ్లకు అలా వినే అలవాటు తక్కువ.

ఒక నంబరు తీసుకుని చూద్దాం. ఊళ్లో తండ్రి తన బ్యాంకు ఖాతా నంబరు పాస్‌బుక్ చూసి చదువుతున్నాడు, నగరంలో బస్సులో ఉన్న కూతురు రాసుకుంటోంది. ఈ వ్యాసం కోసం అల్లిన పదకొండు అంకెల నంబరు ఇది: 62080005593. తండ్రి ఇలా చదివాడు: ‘అరవై రెండు, సున్నా ఎనిమిది, ట్రిపుల్ జీరో, డబుల్ ఫైవ్, తొంభై మూడు’. కూతురు రాసుకున్నది 2208005593. తప్పులు రెండు పడ్డాయి. అరవై ఇరవై అయింది, ట్రిపుల్ డబుల్ అయింది.

‘నాన్నా, మొత్తం ఎన్ని అంకెలు?’ అని కూతురు అడిగింది. పదకొండు అన్నాడు తండ్రి. కాగితం మీద పది ఉన్నాయి. మళ్లీ చదివించుకుంటే మూడో సున్నా దొరికింది. ఇప్పుడు పదకొండూ ఉన్నాయి, మనసు కుదుటపడింది. కానీ మొదట్లో ఉన్న 22 అలాగే ఉంది. రాలిపోయిన అంకెను లెక్క పట్టిస్తుంది, మారిపోయిన అంకెను పట్టించలేదు.

దానికోసమే తిరిగి చదివి వినిపించడం. అయితే ఇక్కడే అందరం పొరబడతాం. కూతురు తాను రాసుకున్నట్టే ‘ఇరవై రెండు, సున్నా ఎనిమిది...’ అని జంటల్లోనే తిరిగి చెప్పిందనుకోండి. తండ్రి కళ్ల ముందు 62 ఉంది. ఆయన చెవికి చేరేది మళ్లీ ‘రవై రెండు’. కళ్లు చూస్తున్న దాన్నే చెవి వింటుంది. ‘ఆఁ, సరిగ్గానే ఉందమ్మా’ అంటాడు. తప్పు మీద ఇద్దరూ కలిసి ముద్ర వేసినట్టే.

అదే కూతురు విడి అంకెల్లోకి మార్చి, ‘రెండు రెండు సున్నా ఎనిమిది’ అని చదివి ఉంటే తండ్రి అక్కడికక్కడే ఆపేవాడు. ‘కాదమ్మా, ఆరు రెండు సున్నా ఎనిమిది.’ ఇరవై, అరవై పోలి ఉంటాయి గానీ రెండు, ఆరు పోలి ఉండవు. చెప్పిన రూపం ఒకటి, తిరిగి చెప్పే రూపం మరొకటి అయితేనే పరీక్ష నిజంగా జరుగుతుంది. జంటల్లో వింటే విడిగా తిరిగి చెప్పాలి. తెలుగులో వింటే ఇంగ్లిష్‌లో చెప్పినా ఫలితం ఉంటుంది. మూడు, ఏడు ఒకదానిలా ఒకటి వినిపిస్తాయి, త్రీ, సెవెన్ అలా వినిపించవు. ఫైవ్, నైన్ కలిసిపోతాయి, ఐదు, తొమ్మిది కలవవు. రెండు భాషల్లో అంకెలు తెలిసిన మనకు ఇది చేతిలో ఉన్న సాధనం. అనుమానం ఉన్న అంకెను ‘ఏడు, సెవెన్’ అని రెండు రకాలుగా పలికితే చాలు.

చెప్పే పని కూడా ఇంకొంచెం తేలిగ్గా జరపొచ్చు. తండ్రి ముందు ‘పదకొండు అంకెలు, రాసుకో’ అనాలి. తర్వాత 6208, 000, 5593 అని మూడు ముక్కలుగా, ఒక్కో అంకె విడిగా చెప్పాలి. మూడు సున్నాలు ఒకే ముక్కలో ఉండేలా విరిచామని గమనించండి. ప్రతి ముక్క తర్వాత కూతురు ‘ఊఁ’ అనేదాకా ఆగాలి. ప్రతి ముక్కకూ ముందు ‘తర్వాత’ లాంటి ఊత మాట ఒకటి వేస్తే, తెగితే గిగితే ఆ మాటే తెగుతుంది, అంకె దక్కుతుంది. సరిదిద్దేటప్పుడు ఒక్క అంకెను మార్చమని చెప్పకుండా ఆ ముక్కంతా మళ్లీ చదవాలి.

తిరిగి చదివేవాళ్లకు ఎంత పనుందో వినేవాళ్లకూ అంతే పనుంది. దీన్ని విమానయానం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1989 ఫిబ్రవరి 19న ఫ్లయింగ్ టైగర్ సంస్థకు చెందిన బోయింగ్ 747 సరుకు విమానం సింగపూర్ నుంచి కౌలాలంపూర్ వస్తోంది. 2,400 అడుగులకు దిగమని కంట్రోలర్ చెప్పాలి. ఆయన దాన్ని ‘టూ ఫోర్ జీరో జీరో’ అని విడి అంకెల్లో చెప్పారు. కాక్‌పిట్‌లో మొదటి ‘టూ’ను అంకెగా కాక, ‘ఫలానా ఎత్తుకు’ అనే అర్థంలో వచ్చే ఇంగ్లిష్ పదంగా తీసుకున్నారు. మిగిలింది 400 అడుగులు. పైలట్ ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అని తిరిగి చెప్పారు కూడా. ఆ జవాబులో తప్పు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. కంట్రోలర్ దాన్ని పట్టుకోలేదు. విమానం కొండను ఢీకొని అందులో ఉన్న నలుగురు సిబ్బందీ చనిపోయారు. వందలు, వేలు చేర్చి ‘టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్’ అని చెప్పి ఉంటే ఆ గందరగోళానికి తావుండేది కాదు. ఎత్తు విషయంలో విడి అంకెలే కొంప ముంచాయి. ఏ ఒక్క పద్ధతీ అన్నిచోట్లా కాపాడదనడానికి ఇది సాక్ష్యం.

మన తండ్రీకూతుళ్ల విషయంలోనూ అంతే. కూతురు తిరిగి చదువుతుంటే తండ్రి పాస్‌బుక్ మీద వేలు పెట్టి, ఒక్కో అంకె మీదుగా జరుపుతూ వినాలి. చివర్లో ఒకేసారి ‘కరెక్టే’ అనడం వినడం కిందకు రాదు.

ఇంత జాగ్రత్త అన్ని నంబర్లకూ ఒకేలా అవసరం లేదు. ఆధార్ పన్నెండు అంకెల్లో చివరిది మిగతా పదకొండింటి నుంచి లెక్కగట్టిన తనిఖీ అంకె. ఈ పద్ధతిని 1969లో డచ్ గణిత శాస్త్రవేత్త వెర్‌హోఫ్ రూపొందించారు. ఒక్క అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ లెక్క కుదరదు, కంప్యూటర్ ఒప్పుకోదు. మన మొబైల్ నంబరుకు అలాంటి రక్షణ లేదు. ఒక అంకె తప్పితే అది చాలాసార్లు మరొకరి నంబరే, రీచార్జి వాళ్లకే వెళ్తుంది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో అయిదోది ఎప్పుడూ సున్నాయే. ఫోన్‌లో ఎవరైనా దాన్ని ‘ఓ’ అని పలికినా సున్నాగానే రాసుకోవాలి.

ఇక ఎంత రొద ఉన్నా లేకపోయినా, ఎవరు అడిగినా ఫోన్‌లో చదవకూడనివి ఓటీపీ, పిన్, కార్డు వెనక ఉండే మూడంకెల సీవీవీ.

ఖాతాకు డబ్బు పంపేటప్పుడు మరో మెట్టు ఉంది. నెఫ్ట్, ఆర్టీజీఎస్ బదిలీల్లో డబ్బు ఖాతా నంబరును బట్టే జమవుతుంది, మనం టైపు చేసిన పేరును బట్టి కాదు. అందుకే రిజర్వ్ బ్యాంకు ఆదేశం మేరకు, 2025 ఏప్రిల్ 1 నాటికి ఖాతాదారు పేరు ముందే చూపించే సదుపాయాన్ని ఈ బదిలీలకు బ్యాంకులు కల్పించాల్సి వచ్చింది. ఫోన్‌లో రాసుకున్న నంబరు ఎక్కించాక ఆ పేరు చూడండి. మీరనుకున్న పేరు కాకపోతే డబ్బు పంపకుండా ఆగి, రొద లేని చోటుకు వెళ్లి మళ్లీ ఫోన్ చేయండి.