మూస్తున్నారా, మూసి ఉందా?

జర్మనీలో ఒక మ్యూజియం. సాయంత్రం అయిదు కావస్తోంది. వీధి చివర నుంచి వస్తున్న వాడికి ఎదురైన మనిషి "డీ ట్యూర్ విర్ట్ గెష్లొసెన్" అంటే, వాడు కాళ్లకు పని చెప్పాలి. తలుపు మూస్తున్నారు, పరుగెత్తితే లోపల పడే అవకాశం ఇంకా ఉంది. అదే మనిషి "డీ ట్యూర్ ఇస్ట్ గెష్లొసెన్" అని ఉంటే పరుగు అనవసరం. తలుపు మూసి ఉంది. మళ్లీ రేపు రావాల్సిందే. రెండు వాక్యాల్లో మారింది ఒక్క మాట: విర్ట్ పోయి ఇస్ట్ వచ్చింది. ట్యూర్ అంటే తలుపు, గెష్లొసెన్ అంటే మూసిన. ఆ రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

జర్మన్ వ్యాకరణం ఈ రెంటికీ రెండు పేర్లు పెట్టుకుంది. 'వేర్డెన్' అనే క్రియతో కట్టేదాన్ని ఫోర్‌గాంగ్స్‌పాసీఫ్ అంటారు, 'జైన్' అనే క్రియతో కట్టేదాన్ని త్సుష్టాంట్స్‌పాసీఫ్ అంటారు. విర్ట్ అన్నది వేర్డెన్‌కు, ఇస్ట్ అన్నది జైన్‌కు వర్తమాన రూపం. ఫోర్‌గాంగ్ అంటే జరిగే పని. త్సుష్టాంట్ అంటే స్థితి. పేర్లు నోరు తిరగనివే కానీ, చెప్పే విషయం తెలుగువాళ్లకు కొత్తది కాదు. చిక్కంతా మనం జర్మన్‌ను చేరే దారిలో ఉంది.

హైదరాబాదులోనో విజయవాడలోనో జర్మన్ నేర్చుకునే పిల్లలు చాలావరకు ఇంగ్లిషు మీదుగానే నేర్చుకుంటారు. ఇంగ్లిషులో 'ది డోర్ వాజ్ క్లోజ్డ్ ఎట్ ఫైవ్' అంటే అయిదుకు మూశారనీ చెప్పుకోవచ్చు, అయిదుకు చూస్తే మూసి ఉందనీ చెప్పుకోవచ్చు. రెంటికీ ఒకే మాట సరిపోతుంది. అందుకే ఆ దారిన వచ్చినవాళ్లు 'ఈజ్' కనబడ్డ చోటల్లా ఇస్ట్, 'వాజ్' కనబడ్డ చోటల్లా దాని భూతకాల రూపమైన 'వార్' పెట్టేస్తారు. పెట్టిన వాక్యం వ్యాకరణరీత్యా తప్పు కాదు. కాబట్టి విన్న జర్మన్ మనిషి దిద్దడు, ఇంకో అర్థం తీసుకుని ఊరుకుంటాడు. ఈ పొరపాటు త్వరగా బయటపడకపోవడానికి కారణం అదే.

తెలుగు మీదుగా వస్తే ఇంత గందరగోళం ఉండదు. మనం 'తలుపు మూస్తున్నారు' అంటాం, 'తలుపు మూసి ఉంది' అంటాం. ఈ రెంటినీ ఎవరూ ఎప్పుడూ కలపరు. పక్క వేస్తున్నారు, పక్క వేసి ఉంది. గోడకు సున్నం కొడుతున్నారు, గోడకు సున్నం కొట్టి ఉంది. మొదటి దాంట్లో పని కదులుతోంది, మనిషి ఎవరో చెప్పకపోయినా 'వాళ్లు' అన్నట్టుగా వెనక ఉన్నాడు. రెండో దాంట్లో పని అయిపోయింది, మనిషి వెళ్లిపోయాడు, మిగిలింది వస్తువు, దాని స్థితి. జర్మన్‌లో వేర్డెన్, జైన్‌ల మధ్య గీత సరిగ్గా ఇక్కడే పడుతుంది. మన పాఠ్యపుస్తకాలు కర్మణి వాక్యం అనగానే 'మూయబడెను' అని నేర్పడం వల్ల ఈ పోలిక కళ్లకు కనబడకుండా పోయింది. ఇంట్లో ఎవరూ మూయబడెను అనరు. జర్మన్ నేర్చుకునేవాళ్లు ఆ 'బడు'ను పక్కన పెట్టి, నోటి తెలుగును పట్టుకోవడమే మేలు.

ఈ తేడా బలంగా తెలిసే చోటు ఆసుపత్రి. అక్కడ పని చేయడానికి వెళ్లే తెలుగు నర్సులు ఉన్నారు కాబట్టి ఆ ఉదాహరణ కాస్త వివరంగా చూడటం మంచిది. రాత్రి డ్యూటీ దిగే నర్సు పొద్దుటి నర్సుకు వార్డు అప్పజెప్పడాన్ని అక్కడ యూబర్‌గాబె అంటారు. ఒక పేషెంటు దగ్గరికొచ్చి రాత్రి నర్సు "డేర్ ఫెర్‌బాంట్ ఇస్ట్ గెవెక్సెల్ట్" అంది. ఫెర్‌బాంట్ అంటే గాయానికి వేసిన కట్టు. కట్టు మార్చి ఉంది. పొద్దుటి నర్సు ఆ పని చూసుకోనక్కర్లేదు. "డేర్ ఫెర్‌బాంట్ విర్ట్ గెవెక్సెల్ట్" అని ఉంటే, కట్టు ఇంకా మార్చలేదు. ఎవరో మారుస్తున్నారు, లేదా మార్చాల్సి ఉంది. కొత్తగా వెళ్లిన నర్సు మార్చబోయే కట్టు గురించి ఇస్ట్ అని చెబితే, ఆ గాయం ఆ పూటకు పాత కట్టుతోనే ఉండిపోవచ్చు.

ఇదే వార్డులో ఇంకో మాట వినబడుతుంది. "డేర్ పాట్సియెంట్ విర్ట్ హోయ్‌టె ఎంట్‌లాసెన్." పేషెంటును ఇవాళ ఇంటికి పంపుతారు. ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు. "డేర్ పాట్సియెంట్ ఇస్ట్ ఎంట్‌లాసెన్" అంటే పంపేశారు, మంచం ఖాళీ. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. విర్ట్ అంటే ఈ క్షణంలోనే జరుగుతున్నదని అర్థం కాదు. రోజూ జరిగేదానికీ, కాసేపట్లో జరగబోయేదానికీ కూడా జర్మన్‌లో అదే వర్తమానం వాడతారు. మన 'మూస్తారు' అన్న మాట ఎలా రెంటికీ పనికొస్తుందో అలా. కాబట్టి వేర్డెన్‌ను 'జరుగుతున్న పని' అని కంటే 'జరిగే పని' అని గుర్తుపెట్టుకోవడం సరైనది.

కాలాన్ని చెప్పే మాట ఒకటి చేరిస్తే తేడా ఇంకా తేటపడుతుంది. "డాస్ ముజేఉమ్ విర్ట్ జైట్ త్స్వై యారెన్ రెనొవీర్ట్" అంటే మ్యూజియాన్ని రెండేళ్లుగా బాగుచేస్తూనే ఉన్నారు. చుట్టూ ఇంకా పరంజాలు ఉన్నాయి. విర్ట్ తీసి ఇస్ట్ పెడితే, బాగుచేసి రెండేళ్లయింది. లోపల జనం తిరుగుతున్నారు. జైట్ అంటే 'నుంచి'. ఆ రెండేళ్లను ఒక వాక్యం పని పొడవుగా లెక్కపెడితే, రెండోది పని ముగిశాక గడిచిన కాలంగా లెక్కపెడుతుంది.

ఇక అందరూ తడబడే చోటు భూతకాలం. 'తలుపు మూశారు' అని చెప్పడానికి జర్మన్‌లో రెండు దారులున్నాయి. ఒకటి "డీ ట్యూర్ వుర్డె గెష్లొసెన్." రెండోది "డీ ట్యూర్ ఇస్ట్ గెష్లొసెన్ వొర్డెన్." ఈ రెండోదాంట్లో ఇస్ట్ ఉన్నా అది స్థితి వాక్యం కాదు, చివర్న వొర్డెన్ ఉంది కనుక. ఆ వొర్డెన్ వేర్డెన్ బిడ్డే. దాన్ని మింగేస్తే వాక్యం నిమిషంలో 'మూశారు' నుంచి 'మూసి ఉంది'కి జారిపోతుంది. సైకిలు పోయిందని పోలీసులకు చెప్పేవాళ్లు దొంగతనం జరిగిన సంగతి చెప్పాలి, కనుక వాళ్లకు వొర్డెన్ కావాలి. మధ్యయుగపు జర్మన్‌లో వొర్డెన్ లేకుండానే ఇస్ట్ ఒక్కటీ ఈ రెండు పనులూ చేసేది. వొర్డెన్ తర్వాత్తర్వాత వచ్చి స్థిరపడి రెంటినీ విడదీసింది. ఇంకో చిన్న గుర్తు: 'అయ్యాడు' అనే మామూలు అర్థంలో ఆ మాట గెవొర్డెన్. కర్మణి వాక్యంలో మాత్రం ముందున్న 'గె' రాలిపోతుంది.

మూసింది ఎవరో చెప్పాలంటే? "డీ ట్యూర్ విర్ట్ ఫొమ్ హౌస్‌మైస్టర్ గెష్లొసెన్", అంటే తలుపును భవనం చూసుకునే మనిషి మూస్తాడు, అని హాయిగా చెప్పొచ్చు. ఇస్ట్ పెట్టి అదే చెబితే జర్మన్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. తెలుగులోనూ అంతే. 'తలుపు రామయ్య మూసి ఉంది' అనలేం. పని అయిపోయాక మనిషికి ఆ వాక్యంలో చోటు లేదు. అయితే ఆ మనిషి గుర్తు వస్తువు మీద మిగిలితే జర్మన్ ఒప్పుకుంటుంది. ఉత్తరం మీద డైరెక్టరు సంతకం ఉందని చెప్పడానికి "డేర్ బ్రీఫ్ ఇస్ట్ ఫొమ్ డిరెక్టోర్ ఉంటర్‌ష్రీబెన్" అంటారు. చేసినవాడి చేవ్రాలు ఇంకా కనబడుతూనే ఉంది కదా.

అన్ని క్రియలకూ ఇస్ట్ పనికిరాదన్నది కూడా తెలుసుకోవాలి. పని వెనక ఏదైనా మిగలాలి. మూస్తే మూసిన తలుపు మిగులుతుంది, కడిగితే కడిగిన గిన్నె మిగులుతుంది. ఒకర్ని మెచ్చుకుంటే ఏం మిగులుతుంది? అందుకే "ఎర్ విర్ట్ గెలోప్ట్", అతన్ని మెచ్చుకుంటారు, అన్నది మామూలు మాట. "ఎర్ ఇస్ట్ గెలోప్ట్" అని సాధారణంగా అనరు. 'అతన్ని మెచ్చుకుని ఉంది' అన్నా తెలుగు కుదరదు చూడండి. కొన్నిచోట్ల ఇస్ట్ పెడితే వాక్యం నిలబడుతుంది కానీ అర్థం వేరే ఊరు పోతుంది. "ఇష్ వేర్డె గెఫ్రాక్ట్" అంటే నన్ను అడుగుతున్నారు. "ఇష్ బిన్ గెఫ్రాక్ట్" అంటే నాకు గిరాకీ ఉంది, లేదా ఇప్పుడు నా అవసరం పడింది! బిన్ అన్నది ఇస్ట్‌కే 'నేను'తో వచ్చే రూపం. అక్కడ గెఫ్రాక్ట్ క్రియగా కాక విశేషణంగా నిలబడింది.

ఆమాటకొస్తే ఈ జైన్ వాక్యాలు అసలు కర్మణి వాక్యాలేనా, లేక 'తలుపు పచ్చగా ఉంది' లాంటి మామూలు విశేషణ వాక్యాలా అన్న వాదం జర్మన్ వ్యాకరణవేత్తల్లో ఉంది. విశేషణమే అనేవాళ్ల చేతిలో గట్టి సాక్ష్యం 'ఉన్' అనే ఉపసర్గ. ఉత్తరం చదవకుండా ఉందని "డేర్ బ్రీఫ్ ఇస్ట్ ఉన్‌గెలేజెన్" అంటారు. విర్ట్ పక్కన ఆ ఉన్‌గెలేజెన్ ఇమడదు. చదవకపోవడం అనే పనిని ఎవరూ చేయరు, చదవకుండా ఉండిపోవడం అనే స్థితి మాత్రం ఉంటుంది. ఈ ఒక్కటి చూస్తే విశేషణ పక్షమే బలంగా కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఆ తగువు తేలకపోయినా నష్టం లేదు.

లొంగని మాట ఒకటి ప్రతి దరఖాస్తులోనూ ఎదురవుతుంది. పుట్టడం. "గ్యోటె వుర్డె 1749 ఇన్ ఫ్రాంక్‌ఫుర్ట్ గెబోరెన్" అని మహాకవి గురించి రాస్తారు. బతికున్న మనిషి తన గురించి "ఇష్ బిన్ ఇన్ హైదరాబాద్ గెబోరెన్" అని కూడా చెప్పుకుంటాడు. పై సూత్రంతో దీన్ని కొలవబోతే చిక్కుపడతారు. దీన్ని దీనిలాగే గుర్తుపెట్టుకోవాలి.

చదువుకో ఉద్యోగానికో జర్మనీకి దరఖాస్తు పెట్టినవాళ్లకు అక్కడి ఆఫీసుల నుంచి ఉత్తరాలు వస్తుంటాయి. "ఈర్ ఆన్‌ట్రాక్ విర్ట్ గెప్ర్యూఫ్ట్" అని ఉంటే మీ దరఖాస్తును పరిశీలిస్తున్నారని అర్థం. ఆగాలి. "ఈర్ ఆన్‌ట్రాక్ ఇస్ట్ గెనేమిష్ట్" అని ఉంటే మంజూరైంది. ఉత్తరం అందగానే ఇంగ్లిషులోకి మార్చి చూసుకోకండి. ఆ వాక్యంలో విర్ట్ ఉందో ఇస్ట్ ఉందో, ఇస్ట్ ఉంటే చివర్న వొర్డెన్ ఉందో లేదో చూసి, 'చూస్తున్నారు, చూశారు, చూసి ఉంది' అని తెలుగులో అనుకుని, ఆ తర్వాతే విమానం టికెట్టు సంగతి ఆలోచించండి.