‘ఉ. ౩ సో.’ అంటే ఎంత ఉప్పు?

అమ్మమ్మ చేతిరాతలో ఉన్న ఆవకాయ పేజీని కొత్త పుస్తకంలోకి ఎక్కించాలనుకుందాం. పేజీలో ఉన్నది ఇంతే: ముక్కలు ౧ కుం. కా. ౧ మా. ఆ. పిం. ౧ మా. ఉ. ౩ సో. మెం. ౧ గి. ప. ౨ రూ. ఎ. నూ. ౧ మా., మూడోనాటికి తేలకపోతే ఇంకా.

చేయి తిరిగిన మనిషి తన గుర్తుకోసం రాసుకున్న పేజీ ఇది. అందుకే మాటలు ఇంత పొదుపు. ఆమెకు ‘మా.’ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఎత్తిరాసే మనకే ఒక్కో అక్షరం దగ్గర ఆగాల్సి వస్తుంది. ఆ ఆగిన చోట ఊహించి రాసేస్తే పేజీ మారిపోతుంది, మారినట్టు కూడా ఎవరికీ తెలియదు.

అందుకని మొదటి నకలులో ఏమీ మార్చకూడదు. పగటి వెలుగులో ఫోటో తీసుకుని, దాన్ని పక్కన పెట్టుకుని వరుసకు వరుస, చుక్కకు చుక్క ఉన్నదున్నట్టు దించాలి. ‘కా.’ను ‘కారం’ అని విప్పకూడదు, సోలను కప్పు చేయకూడదు. కొట్టేసిన అంకె ఉంటే దాన్నీ రాసి, కొట్టేసి ఉందని పక్కన చెప్పాలి. ఒకప్పుడు రెండు సోలలు వేసి తర్వాత మూడుకు మార్చిందంటే, అది వంట గురించి ఆమె నేర్చుకున్న సంగతి. చదవలేని చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేయాలి. మన వివరణలన్నీ ఎదుటి పేజీలో, వేరే రంగు సిరాతో రాయాలి.

ఇప్పుడు పొడి అక్షరాల సంగతి. వీటిని విడివిడిగా విప్పబోతే తికమక తప్పదు. ‘ప.’ అంటే పసుపు కావచ్చు, పంచదార కావచ్చు, పప్పు కావచ్చు. ‘త.’ అంటే తవ్వో తులమో తెలియదు. తవ్వ పాత్రతో కొలిచేది, తులం తక్కెడలో తూచేది కాబట్టి పొరపడితే వంట వంటే కాదు. ఒకే మనిషి రాసిన పది పన్నెండు పేజీలు ముందేసుకుని, పొడి అక్షరాలన్నిటికీ ఒక పట్టిక వేసుకుంటే చిక్కు చాలావరకు వీడుతుంది. ఏదో ఒక పేజీలో ఆమె పూర్తి మాట రాసే ఉంటుంది. మన ఆవకాయ పేజీలో ‘ప.’ పసుపే. కానీ ‘౨ రూ. ఎ.’ దగ్గర జాగ్రత్త కావాలి. అది రెండు రూపాయల ఖరీదు చేసే పసుపు కాదు, రెండు రూపాయల ఎత్తు. పాత వెండి రూపాయి తులం తూగేది, అంటే దాదాపు 11.66 గ్రాములు. ఇంట్లో తూకంరాళ్లు లేనివాళ్లు తక్కెడలో రూపాయి బిళ్లనే వేసేవారు. కాబట్టి ఇక్కడ పసుపు సుమారు 23 గ్రాములు.

పాత్ర కొలతలకు కోస్తా జిల్లాల్లో వాడుక లెక్క ఒకటుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఈ మెట్లు తెలిస్తే పేజీని దానితోనే సరిచూసుకోవచ్చు. కుంచం ముక్కలకు మానిక కారం, మానిక ఆవపిండి అంటే నాలుగుకు ఒకటి చొప్పున. ఉప్పు మూడు సోలలంటే ముప్పావు మానిక. చాలా ఇళ్లలో ఆవకాయ పాళ్లు ఇలాగే ఉంటాయి కాబట్టి మన చదువు సరిగానే ఉందని నమ్మకం కుదురుతుంది.

ఉప్పు దగ్గర ఇంకాస్త ఆగుదాం. వేగంగా రాసిన చేతిలో తెలుగు అంకెలు ౨, ౩ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. మూడును రెండుగా చదివితే మూడో వంతు ఉప్పు తగ్గిపోతుంది. తక్కువ ఉప్పు పడ్డ ఊరగాయ మొదటి వారం రుచిగానే ఉంటుంది, తప్పు తెలియదు. తర్వాత జాడీలో బూజు కట్టినప్పుడే బయటపడుతుంది. అందుకే అనుమానం వచ్చిన అంకెను అదే చేతిరాతలోని తేదీల్లో, ఖర్చుల లెక్కల్లో వెతికి పోల్చాలి. పాళ్ల లెక్క అనుమానాన్ని మాత్రమే చూపిస్తుంది. ఆ ఇంటివాళ్లు నిజంగానే ఉప్పు తగ్గించి తినేవాళ్లయితే, మన లెక్కకోసం ఆమె అంకెను దిద్దే హక్కు మనకు లేదు.

భిన్నాల్లో మరో ఉచ్చు ఉంది. ‘1½’ అన్నది కాగితం మీద 1, ఆ పక్కన 1/2గా ఉంటుంది. మధ్య ఖాళీ పోతే 11/2, అంటే అయిదున్నర అవుతుంది. వీధిబడి లెక్కలు నేర్చుకున్న తరం రాతల్లో వేరే గుర్తులు కనిపించవచ్చు. అప్పట్లో పావులకు నిలువు గీతలు, పావులో పావైన వీసాలకు అడ్డగీతలు గీసేవారు. ‘౧౹’ అని ఉంటే అది పదకొండు కాదు, ఒకటింపావు. ఈ గుర్తులకు 2008 నుంచి యూనికోడ్‌లో చోటుంది కాబట్టి కంప్యూటర్‌లో ఎక్కించేవారు కూడా వాటిని అలాగే ఉంచవచ్చు. ఎదుటి పేజీలో మాత్రం అంకెలు వద్దు. ‘ఒకటిన్నర’, ‘ఒకటింపావు’, ‘ముప్పావు’ అని అక్షరాల్లో రాస్తే తర్వాత ఎత్తిరాసేవారు పొరబడరు.

తూకాల్లో ఊరు కూడా చూడాలి. మద్రాసు లెక్కలో సేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. 80 తులాల సేరు వాడినచోట అది 933 గ్రాములు. మూడు రెట్లకు పైగా తేడా. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరులో మొదలయ్యాయి గానీ వంటింట్లో వీశలు, పలాలు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. కాబట్టి పేజీ రాసిన ఏడు ఒక్కటే చూసి తూకం తేల్చలేం. ఆమె పుట్టిల్లు ఎక్కడ, అత్తిల్లు ఎక్కడ అన్నది కూడా తెలియాలి.

ఇక వండటానికి వీలయ్యే లెక్క. సోల అన్నిచోట్లా ఒకేలా ఉండేది కాదు. ఇంట్లో ఆమె వాడిన సోల దొరికితే, దాని నిండా నీళ్లు పోసి వంటింటి కాటాలో తూచాలి. గ్రాము నీళ్లు ఒక మిల్లీలీటరు. ఉదాహరణకు ఆ సోలలో 240 మిల్లీలీటర్లు పట్టాయనుకుందాం. అప్పుడు గిద్ద 60, మానిక 960, కుంచం 3,840 మిల్లీలీటర్లు. ఇప్పటి చిన్న కుటుంబానికి సగం పెడదామంటే ముక్కలు 1,920, కారం 480, ఆవపిండి 480, ఉప్పు 360, మెంతులు 30 మిల్లీలీటర్లు, పసుపు దాదాపు 12 గ్రాములు. నూనె 480తో మొదలుపెట్టి, ఆమె రాసినట్టే మూడోనాడు చూసి పోసుకోవాలి. సోల దొరకకపోతే ఏదో ఒక గిన్నె పట్టుకుని పాళ్లు మాత్రం తప్పకుండా కొలవాలి.

ఈ లెక్కకూ ఒక హద్దుంది. పాత్రతో కొలిచిన ఉప్పు బరువు, దాని పలుకును బట్టి మారుతుంది. ఆమె రాళ్లుప్పు ఎండబెట్టి దంచి ఉంటే, ఇప్పటి ప్యాకెట్ ఉప్పు అదే కొలతకు ఎక్కువ బరువు తూగవచ్చు. కొలత తల గీసినదా, కుప్ప పోసినదా అన్నదీ పేజీ చెప్పదు. ఇలాంటివి ఆమెతో వండినవాళ్లకే తెలుస్తాయి. పిన్నినో మేనత్తనో అడిగి, చెప్పినవారి పేరుతో ఎదుటి పేజీలో రాసుకోవాలి.

చివరగా, అసలు పేజీ ఎప్పుడూ చూడనివారికి మన నకలు ఇచ్చి వండించాలి. వాళ్లు ఎక్కడ ఆగి ‘ఇదేమిటి?’ అని అడుగుతారో, అక్కడ మన వివరణ చాలలేదన్నమాట. ఆ జవాబు కూడా రాశాకే ఎత్తిరాత పూర్తయినట్టు.