నాలుగుకు 4.2 ఎలా వస్తుంది?

అమెరికాలో హైస్కూలు చదివే మనవడి మార్కుల పత్రంలో 'జీపీఏ 4.2' అని చూసి, నాలుగుకు అంతకన్నా ఎక్కువ ఎలా వస్తుందని హోసూరులోనో బళ్లారిలోనో తాతగారు అడిగితే తప్పులేదు. అక్కడ మామూలు లెక్కలో ఎ గ్రేడుకు 4, బికి 3, సికి 2 పాయింట్లు. అయితే చాలా స్కూళ్లలో కష్టమైన కోర్సు తీసుకున్న పిల్లలకు అదనపు పాయింటు కలుపుతారు. ఆనర్స్ కోర్సుకు అర పాయింటు, ఏపీ కోర్సుకు ఒక పాయింటు ఇవ్వడం ఎక్కువగా కనిపించే పద్ధతి. (ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్.) అంటే ఏపీలో బి తెచ్చుకున్నా, మామూలు కోర్సులో ఎ తెచ్చుకున్నా ఒకటే: 4.

లక్ష్యం పెట్టుకున్నప్పుడు ఈ తేడా ఎంతో చూడండి. ఒక అమ్మాయి నాలుగు సెమిస్టర్లలో 24 కోర్సులు చదివింది. అదనపు పాయింట్లతో కలిపి జీపీఏ 3.7. మరో రెండు సెమిస్టర్లు, అంటే 12 కోర్సులు పూర్తయ్యేసరికి 4.0 కావాలి. మొత్తం 36 కోర్సులకు 144 పాయింట్లు ఉండాలి. ఇప్పటికి ఉన్నవి 24ను 3.7తో గుణిస్తే 88.8. ఇంకా రావలసినవి 55.2. కోర్సుకు సగటున 4.6 అన్నమాట!

అన్నీ మామూలు కోర్సులే తీసుకుంటే, ప్రతిదాంట్లో ఎ వచ్చినా 48 దగ్గరే ఆగిపోతుంది. గ్రేడ్లు ఎంత బాగున్నా లక్ష్యం అందదు. సెమిస్టరుకు మూడు ఏపీ, రెండు ఆనర్స్, ఒక మామూలు కోర్సు తీసుకుంటే, అన్నిటిలో ఎ వస్తే 28. రెండు సెమిస్టర్లకు 56. మిగులు 0.8 మాత్రమే. ఒక్క బి వస్తే ఒక పాయింటు పోతుంది కాబట్టి ఒక్కదానికీ చోటు లేదు. ఆ మామూలు కోర్సు బదులు కూడా ఏపీ తీసుకుంటే గరిష్ఠం 58 అవుతుంది, రెండు బిలు వచ్చినా గట్టెక్కుతుంది. కానీ ఆ రెండు బిలూ కొత్తగా చేర్చిన ఏపీల్లోనే వస్తే, పాయింట్లలో లాభం సున్నా. చదువు బరువు మాత్రం పెరిగింది. సి వస్తే నష్టమే.

అందుకే ముందు స్కూలు నియమాల పుస్తకం చూడాలి. కొన్నిచోట్ల ఆనర్స్‌కూ పూర్తి పాయింటు ఇస్తారు, కొన్నిచోట్ల అసలు ఇవ్వరు. డి వస్తే అదనం ఉంటుందా అన్నదీ అడగాలి.

పైగా స్కూలు లెక్కే కాలేజీ లెక్క కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పది, పదకొండు తరగతుల కోర్సులతో తనే జీపీఏ కడుతుంది. అదనపు పాయింటును ఎనిమిది సెమిస్టరు కోర్సులకు మించి కలపదు, అందులో పదో తరగతివి నాలుగుకు మించకూడదు. సి కన్నా తక్కువ గ్రేడుకు ఏమీ కలపదు. ఇతర రాష్ట్రాల పిల్లల ఆనర్స్ కోర్సులకైతే ఆ పాయింటు ఉండదు.